మురుకులు నూనెలో పేలుతున్నాయి: తప్పు పిండిదా, నూనెదా?

హన్మకొండ_ఉష
పండుగ పిండివంటలు మొదలుపెట్టాం, మురుకుల దగ్గర ఆగిపోయాం. నూనెలో వేసిన కాసేపటికి ఠప్పుమని పేలుతున్నాయి. ఒక ముక్క ఎగిరి స్టవ్ పక్కన పడింది. మా అత్తయ్య ముంజేతి మీద నూనె చిందింది. బొబ్బ రాలేదు కానీ ఎర్రగా కందింది. ఇప్పుడు ఎవరూ పొయ్యి దగ్గరికి రావడం లేదు.

మేం చేసిన తీరు ఇది. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టి, ఇంట్లోనే బట్ట మీద ఆరబోసి, గిర్నీలో పట్టించాం. ఆ పిండి నాలుగు గ్లాసులు, పచ్చి మినప్పప్పు విడిగా పట్టించిన పిండి ఒక గ్లాసు, నువ్వులు, ఓమ, ఉప్పు, కారం, ఒక చెంచా వెన్న. చన్నీళ్లతో కలిపాం. అన్నీ పేలడం లేదు. వాయికి ఆరేడు వేస్తే అందులో ఒకటో రెండో పేలుతున్నాయి, మిగిలినవి చక్కగా కరకరలాడుతున్నాయి. పిండి ఇంకా సగానికి పైగా ఉంది. పారేయాలా, బాగుచేయవచ్చా?

కాజీపేట_గార్డు
నూనె మరీ కాగింది. అంతకు మించి ఏమీ లేదు. పొగ వచ్చేదాకా కాచి వేస్తే పైన గట్టిపడిపోతుంది, లోపలి నీటికి దారి ఉండదు, ఆవిరై పగులగొట్టుకుని బయటికి వస్తుంది. మంట తగ్గించి వేయండి, ఒక్కటి పేలితే నన్ను అడగండి.

జనగామ_అమ్మమ్మ
తడిపిండిని ఆరబెట్టడం ఎందుకమ్మా? తడి ఉండగానే జల్లించి కలుపుకోవాలి. బట్ట పరిచి, వేళ్లతో సన్నగా మెలి తిప్పుతూ మూడు నాలుగు చుట్లు చుట్టి, కాసేపు ఆరనిచ్చి అట్లకాడతో తీసి నూనెలో వేయాలి. వెన్న వద్దు, మినప్పిండి అసలే వద్దు. మా ఇంట్లో పెళ్లిళ్లకు గంపలకు గంపలు చేసేవాళ్లం. బియ్యం సరిగ్గా నానకపోతే మాత్రం అవి కూడా పేలేవి.

హన్మకొండ_ఉష
అమ్మమ్మా, మీరు చెబుతున్నది సకినాల సంగతి. అవి మాకు బాగానే వచ్చాయి. ఇవి గొట్టంలో ఒత్తే మురుకులు.

జనగామ_అమ్మమ్మ
అయ్యో, నేను సకినాలే అనుకున్నాను. ఆ గొట్టంతో నాకు పడదు, చెయ్యి నొస్తుంది. అయినా బియ్యం నానడం గురించి చెప్పింది దీనికీ వర్తిస్తుంది, చూసుకో.

పరకాల_పద్మ
నూనెలో చిన్న చింతపండు ఉండ వేయండి. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం. మొదటి మురుకు పొయ్యికి చూపించి పక్కన పెట్టండి, దిష్టి కూడా పోతుంది.

పిండివంటల_వదిన
పద్మా, చింతపండు వేసేది నూనె నురగ కట్టి పొంగకుండా. మురుకు లోపల జరిగేదానికి అది ఏం చేస్తుంది? దిష్టి సంగతి నీ ఇష్టం.

ఉషా, ముందు అత్తయ్య చెయ్యి. కాలిన చోట కుళాయి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పడనివ్వాలి. అది వెంటనే చేసి ఉంటే సరే. టూత్‌పేస్టు, పసుపు లాంటివి రాయొద్దు. బొబ్బలు వస్తే డాక్టరుకు చూపించండి.

ఇక మురుకులు. నువ్వు రాసినదాంట్లో నాకు పనికొచ్చిన మాట ఒకటే: అన్నీ పేలడం లేదు. ఒకే నూనె, ఒకే మంట, ఒకే ముద్ద. నూనె వేడి ఒక్కటే కారణమైతే వాయి మొత్తం ఒకేలా ప్రవర్తించాలి. వాయిలో ఒకటి పేలి ఆరు బాగున్నాయంటే ఆ ఒక్కదానిలో ఏదో ఉంది. అదేమిటో పేలిన ముక్కే చెబుతుంది. పేలినవి పారేశావా, ఉన్నాయా?

హన్మకొండ_ఉష
ఉన్నాయి వదినా. పిల్లలు తింటారని డబ్బాలో వేశాను.

పిండివంటల_వదిన
ఒక నాలుగైదు తీసి పగిలిన చోట వెలుతురులో చూడు. మూడు రకాలుగా ఉంటుంది.

పగిలిన చోట లోపల నున్నటి గోడలున్న బొర్ర కనిపిస్తే అది గాలి. గొట్టంలో పిండి కూరేటప్పుడు సందుల్లో గాలి చిక్కుకుని, మురుకుతో పాటే బయటికి వచ్చింది. అప్పుడు పిండిని ముక్కలు ముక్కలుగా వేయకుండా, గొట్టమంత పొడవు ఉండగా చేసి దూర్చాలి, మొదట వచ్చే అంగుళం మళ్లీ ముద్దలో కలిపేయాలి.

పగిలిన గుంట అడుగున తెల్లగా, గట్టిగా, గోటితో గీరితే గరుకుగా తగిలే చిన్న గింజ కనిపిస్తే అది నూక. పిండిలో నలగకుండా మిగిలిన బియ్యపు ముక్క.

మురుకు పొడవునా నెర్రెలు విచ్చి ఉంటే ముద్ద ఎండిపోయింది. కలిపి చాలాసేపు మూత లేకుండా పెట్టారన్నమాట.

ఇవేవీ కాకుండా పైపైన చిటపటమని చిన్న చిన్న తుంపరలు మాత్రమే ఎగిరితే అవి నువ్వులు. కడిగి సరిగ్గా ఆరబెట్టకపోతే అలా చిట్లుతాయి. అది చిరాకే కానీ మురుకు ముక్కలవదు.

కాజీపేట_గార్డు
పేలిన మురుకుకు పంచనామా చేయడం ఇదే మొదటిసారి చూడటం.

హన్మకొండ_ఉష
చూశాను. ఐదింటిలో నాలుగింటికి గుంట అడుగున తెల్లటి రవ్వలాంటిది ఉంది. ఒక దానిలో అది ఊడిపోయి, చుట్టూ ఉన్న గుంట మాత్రమే మిగిలింది. ఐదోదానిలో ఏమీ లేదు, నున్నటి బొర్ర. నూకేనంటారా? పిండి మెత్తగానే ఉంది, చేతికి ఏమీ తగల్లేదు.

పిండివంటల_వదిన
పొడిపిండిని చేత్తో రాస్తే అంత చిన్న నూక తెలియదు. సన్న జల్లెడ తీసుకుని, మైదా జల్లించేది ఉంటుందే, అందులో గ్లాసు పిండి జల్లించు. జల్లెడ మీద మిగిలింది తీసి వేళ్ల మధ్య నలుపు. బియ్యం కన్నా చాలా చిన్నవి, ఇసుకలా గరగరలాడేవి ఉంటాయి.

అవి ఎందుకు పేలుతాయో కూడా చెబుతాను. సన్నటి పిండి పీల్చుకున్న నీరు నూనెలో వేయగానే ఆవిరై, చిన్న చిన్న రంధ్రాల గుండా బుడగలుగా బయటికి వచ్చేస్తుంది. మురుకు చుట్టూ నురగ కనిపించేది ఆ నీరే. నూక అలా కాదు. అది నానిన బియ్యపు ముక్క కాబట్టి లోపల నీళ్లుంటాయి, చుట్టూ పిండి గట్టిపడేదాకా అది ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. పైన పెంకు కట్టాక లోపలి నీరు ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారితే వెయ్యిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది, ఆ ఒక్క చుక్కకు చోటెక్కడుంది? అందుకే వేసిన వెంటనే కాకుండా, కాస్త ఎర్రబడుతున్నప్పుడు ఠప్పుమంటుంది. నీకు అలాగే జరిగి ఉండాలి.

హన్మకొండ_ఉష
అవును, సరిగ్గా అలాగే. తిప్పబోయేటప్పుడు పేలుతున్నాయి. అందుకే చెయ్యి దగ్గరగా ఉండి అత్తయ్యకు తగిలింది.

గిర్ని_వెంకన్న
మధ్యలో దూరుతున్నాను. మాది నర్సంపేట దగ్గర పిండిగిర్ని. పండుగ ముందు వారం వచ్చే తిట్లన్నీ ఈ నూక మీదే.

తడి బియ్యం రాళ్ల మధ్య సరిగ్గా జారదు, ముద్ద కట్టి అంటుకుంటుంది. అప్పుడు రాళ్ల మధ్య సందు కాస్త పెంచాల్సి వస్తుంది, లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది. సందు పెరిగితే నూక జారిపోతుంది. ముందు ఎవరైనా మక్కలో జొన్నలో దొడ్డుగా పట్టించుకుని వెళ్లి, వెనక వచ్చినవాళ్లకు సందు సరిచేయకపోయినా అంతే. పండుగ రద్దీలో అది జరుగుతుంది, దాచను. కాబట్టి గిర్నీలో పిండి పడుతుండగానే గుప్పెడు తీసుకుని వేళ్లతో నలిపి చూడండి. గరుకు తగిలితే అక్కడే మళ్లీ ఒకసారి పోయమనండి. ఇంటికి వెళ్లాక ఫోను చేస్తే నేనేం చేయగలను?

ఇంకొకటి. ఆరబెట్టామని అంటారు, పైన ఆరుతుంది, లోపల ఆరదు. ఈ చలిలో, మంచులో, ఇంట్లో బట్ట మీద పోస్తే మరీను. గింజను కొరికితే టక్కున విరగాలి, కానీ ఎండు బియ్యంలా గట్టిగా ఉండకూడదు. పిసికితే చేతికి తడి అంటకూడదు. ఆ మధ్యస్థంగా ఉన్నప్పుడు తెస్తే మా రాళ్లూ బాగుంటాయి, మీ మురుకులూ బాగుంటాయి.

కాజీపేట_గార్డు
సరే, నూక ఉందనుకుందాం. నూనె చల్లగా ఉంటే ఆ నూక కూడా నిదానంగా ఆరిపోతుంది కదా? నా మాట పూర్తిగా కొట్టిపారేయకండి వదినా.

పిండివంటల_వదిన
కొట్టిపారేయను. నూక లేని పిండిని కూడా పొగలు కక్కే నూనెలో వేస్తే పైన త్వరగా మాడి, లోపల పచ్చిగా ఉంటుంది, కొన్ని పగులుతాయి. అంతవరకు మీది నిజం. కానీ పేలుడు భయంతో మంట బాగా తగ్గిస్తే మురుకు నూనె తాగుతుంది, మెత్తబడుతుంది, తీసినప్పుడు చేతికి జిడ్డు. రెండు రోజులకే కమురు వాసన. ఉష అడిగింది కరకరలాడే మురుకులు.

నేను చూసుకునేది ఇదీ. గోళీలో సగమంత పిండి ముక్క వేస్తే అడుగుదాకా వెళ్లి, ఒక క్షణం ఆగి పైకి రావాలి. అడుగున అలాగే కూర్చుంటే కాగలేదు. అడుగు తాకకుండానే పైకి ఉరికి ఎర్రబడితే మరీ కాగింది, స్టవ్ ఆపి కాసేపు ఆగాలి. వేసేటప్పుడు మంట కాస్త ఎక్కువ, నురగ కట్టాక మధ్యస్థం. నురగ తగ్గి శబ్దం సన్నబడితే నీరంతా పోయినట్టు, అప్పుడు తీయాలి. రంగు చూసి తీసేవాళ్లు కారం వేసిన మురుకుల్లో మోసపోతారు, ముందే ఎర్రగా ఉంటాయి కదా.

దుబాయ్_బావ
నేను జగిత్యాల వాణ్ణి, ఇక్కడ రూములో నలుగురం. పాకెట్ బియ్యప్పిండితో చేశాను. పిండి ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. ఒక్కటీ పేలలేదు కానీ రాళ్లు. పంటి కింద పెడితే పన్ను పోయేలా ఉన్నాయి. వెన్న లేదు, నూనె కూడా కలపలేదు. ఉష గారి పిండి నాకు, నా పిండి ఉష గారికి ఇచ్చుకుంటే ఇద్దరికీ సరిపోయేది.

పిండివంటల_వదిన
బావగారూ, మీ మురుకులకు కొవ్వు లేదు, అదే సంగతి. అరకిలో బియ్యప్పిండికి వంద గ్రాముల మినప్పిండి వేస్తే, యాభై గ్రాముల వెన్న పొడిపిండిలోనే వేసి వేళ్లతో నలిపి కలపాలి. గుప్పిట పట్టి వదిలితే పిండి ముద్దగా నిలవాలి, నొక్కితే విడిపోవాలి. ఆ తర్వాతే నీళ్లు. వెన్న లేకపోతే వేడి నూనె. కొవ్వు రేణువుల మధ్య చేరి అవి ఒకదానికొకటి బిగిసి అతుక్కోకుండా చేస్తుంది, అందుకే మురుకు గుల్లగా వస్తుంది. ఆవిరికి కూడా దారి దొరుకుతుంది. ఉష నాలుగు గ్లాసులకు ఒక చెంచానే వేసింది, అది చాలదు. మరీ ఎక్కువేసినా ఇబ్బందే, నూనెలో వేయగానే విడిపోయి పొడి పొడిగా తేలుతుంది. వంట సోడా వేస్తే కూడా అలాగే విడిపోతాయి, నూనె పీలుస్తాయి. పేలకుండా ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి.

ఉషా, ఉన్న పిండికి చేయాల్సింది చెబుతాను. కలిపిన ముద్ద ఉందా, పొడిపిండి ఉందా?

హన్మకొండ_ఉష
ముద్ద కొంచెం ఫ్రిజ్‌లో పెట్టాను. పొడిపిండి, బియ్యప్పిండి విడిగా ఓ కిలో దాకా ఉంది.

పిండివంటల_వదిన
ముద్దను జల్లించలేవు. దాన్ని అట్లకు వాడుకో, నీళ్లు పోసి పలుచన చేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేస్తే బాగుంటాయి. నూనెలోకి మాత్రం వద్దు.

పొడిపిండి మైదా జల్లెడలో జల్లించు. మీద మిగిలిన నూకను మిక్సీలో తిప్పి మళ్లీ జల్లించు, అప్పటికీ మిగిలితే ఉప్మాకు పెట్టుకో. జల్లించిన పిండిని మందపాటి మూకుడులో, సన్నమంట మీద, కలుపుతూ వేడిచేయి. రంగు మారనివ్వకు. పిండి తేలికగా కదులుతూ, చిటికెడు తీసి నేల మీద గీత గీస్తే ముగ్గుపిండిలా విడివిడిగా పడాలి. తడి పిండితో గీత అలా పడదు, ముద్దగా పడుతుంది. చల్లారాక ఇంకోసారి జల్లించు, వేడి చేసినప్పుడు చిన్న ఉండలు కడుతుంది.

మినప్పిండి పచ్చిది అన్నావు. దాన్ని కూడా మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా సన్నమంట మీద వేయించి జల్లించు. పచ్చి మినప్పిండి తడిస్తే జిగురు, ఆ జిగురులో గాలి నిలుస్తుంది. నీ ఐదో మురుకులోని నున్నటి బొర్ర అక్కడినుంచి కూడా వచ్చి ఉండవచ్చు, గొట్టంలో గాలి అయినా కావచ్చు.

కరీంనగర్_శైలు
నీళ్లు వేడివి పోయాలా, చల్లవా? మా అమ్మ మరిగే నీళ్లు పోస్తుంది, మా అత్తగారు చన్నీళ్లే అంటారు. ఇద్దరి మధ్య నేను.

పిండివంటల_వదిన
నేను గోరువెచ్చటివి. మరిగేవి పోస్తే బియ్యప్పిండి కొంత ఉడికి సాగుడు వస్తుంది, ఒత్తేటప్పుడు తెగదు. కానీ ఆ సాగుడు వల్లే ఆవిరికి దారి మూసుకుంటుందని నా అనుమానం.

గిర్ని_వెంకన్న
మా ఇంట్లో మరిగే నీళ్లే. ఏళ్ల తరబడి పేలింది లేదు. పిండి సన్నగా ఉంటే నీళ్లు ఏవైనా ఒకటే.

పిండివంటల_వదిన
గిర్ని మీదే కాబట్టి మీ పిండి సన్నగా ఉంటుంది, అందరికీ ఆ భాగ్యం లేదు. నేను నా మాట మీదే ఉంటాను. శైలూ, నీ ఇంట్లో గొడవ మాత్రం ఇక్కడ తీరదు.

కరీంనగర్_శైలు
ఎక్కడా తీరదు.

హన్మకొండ_ఉష
చేశాను. కిలో పిండి జల్లిస్తే నూక గుప్పెడు పైనే వచ్చింది, నాకే నమ్మబుద్ధి కాలేదు. మొదట అరకిలోతో మొదలుపెట్టాను. వేయించిన పిండి, వేయించిన మినప్పిండి వంద గ్రాములు, వెన్న యాభై గ్రాములు, నువ్వులు మూకుడులో పొడిగా వేడిచేసి వేశాను. గోరువెచ్చటి నీళ్లు దాదాపు రెండు గ్లాసులు పట్టాయి. నిన్నటి పిండికి ఇందులో సగం కూడా పట్టలేదు. తడి అప్పటికే అందులో ఉందన్నమాట.

కలిపిన పిండిని తడిబట్టతో కప్పి, ఒక్కో వాయికి సరిపడానే తీసుకున్నాను. గొట్టంలో ఉండ పొడవుగా చేసి దూర్చాను. మురుకును చేత్తో నూనెలో వేయకుండా, చిల్లుల గరిటె వెనకవైపు ఒత్తి దానితో జార్చాను. మూకుడులో నూనె సగానికి తగ్గించాను. మొత్తం అరకిలోలో పేలింది ఒక్కటే, అది కూడా చిన్నగా.

కాజీపేట_గార్డు
ఆ ఒక్కటీ నూనె వేడి వల్లే.

పిండివంటల_వదిన
గార్డుగారూ, మీరు పట్టు వదలరు. ఉషా, పగిలిన చోట చూశావా?

హన్మకొండ_ఉష
చూద్దామంటే మా బాబు తినేశాడు. రుచి బాగుందట.

పరకాల_పద్మ
చింతపండు వేశారా, లేదా?

దుబాయ్_బావ
వెన్న తెచ్చాను వదినా, రాత్రి చేస్తాం. ఒక సందేహం. మా రూములో కరెంటు పొయ్యి, మంట తగ్గించాక కూడా పెనం కాసేపు అదే వేడిలో ఉంటుంది. మీరు చెప్పిన పిండి ముక్క పరీక్ష దీనిమీద పనిచేస్తుందా?

పిండివంటల_వదిన
పనిచేస్తుంది. కాకపోతే ఒకసారి చూసి వదిలేయకండి, ప్రతి వాయికి ముందు ముక్క వేసి చూడండి. అడుగు తాకకుండా పైకి వస్తే మూకుడును పొయ్యి మీదినుంచి దించకండి, కాగిన నూనె గిన్నెను ఎత్తడం ప్రమాదం. స్విచ్ ఆపేసి, ఇంకో ముక్క వేస్తే అడుగుదాకా వెళ్లి వచ్చేదాకా ఆగండి. ఒకేసారి మూడు నాలుగే వేయండి, ఎక్కువేస్తే నూనె చల్లబడి మురుకులు నూనె తాగి మెత్తబడతాయి.

దుబాయ్_బావ
సరే. పేలితే ఫోటో పెడతాను, పంచనామా మీరు చేయండి.